ముందు విచక్షణి, తర్వాతే పద్ధతి

బదిలీల మీద బదిలీలై జంషెడ్‌పూర్ చేరిన మేము చెప్పేది తెలుగు పాఠాలే. అయినా పదో తరగతి పిల్లలు లెక్కల కాగితాలు కూడా మా దగ్గరికి తెస్తుంటారు. తెలుగు బడిలో మీరు వర్గ సూత్రం అని నేర్చుకున్నదాన్నే ఇక్కడ శ్రీధరాచార్య సూత్రం అంటారు. పేరు మారినా లెక్క మారదు.

ఈమధ్య ఒక అమ్మాయి ఇంట్లో కూర్చుని సాధన పరీక్ష రాసింది. ప్రశ్నపత్రం ఫోన్‌లో ఫోటోగా వచ్చింది. జవాబు కూడా ఫోటో తీసి పంపాలి. మూలాలు కనుక్కోమన్న సమీకరణం 6x² − 7x − 20 = 0. కాగితం మడతలో 20 ముందున్న మైనస్ సరిగా కనబడలేదు. తను +20 అని రాసుకుని, కారణాంకాల కోసం వెతికి వెతికి అలసిపోయింది.

పద్ధతి ఎంచుకోకముందే విచక్షణి, అంటే b² − 4ac, లెక్కకట్టాలని మేమంటాం. తను రాసుకున్న సమీకరణానికి అది 49 − 480 = −431. రుణసంఖ్య వచ్చిందంటే వాస్తవ మూలాలు లేవు. మూలాలు అడిగిన లెక్కలో ఇలా వస్తే ఫోటోను పెద్దది చేసి మళ్లీ చూడాలి.

మైనస్ తిరిగి పెడితే 49 + 480 = 529, అది 23 వర్గం. వర్గసంఖ్య వస్తే కారణాంకాలు తప్పక దొరుకుతాయి. లబ్ధం −120, మొత్తం −7 కావాలి కాబట్టి −15, 8 తీసుకుంటాం. (2x − 5)(3x + 4) = 0, మూలాలు 5/2, −4/3. చివర 20 బదులు 19 ఉంటే విచక్షణి 505. అది వర్గసంఖ్య కాదు, ఇక వెతకకుండా సూత్రానికి వెళ్లాలి.

సూత్రంలో చాలామంది −b దగ్గర జారతారు. b విలువ −7 అయితే −b అంటే 7. అక్కడ −7 వేస్తే 4/3, −5/2 వస్తాయి. వాటి లబ్ధం కూడా −10/3, సరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది. మొత్తం మాత్రం 7/6 బదులు −7/6 అవుతుంది. అందుకే రెండూ చూడాలి. ఒక్క మూలాన్నే సమీకరణంలో వేసి చూసినా చాలదు. 5/2 సరిపోయినంత మాత్రాన రెండోదాన్ని 4/3 అని రాస్తే ఆ తప్పు బయటపడదు.

ఈ తనిఖీకీ ఒక హద్దుంది. 7 ముందున్న మైనస్ పోతే విచక్షణి అదే 529. మూలాలు −5/2, 4/3 అవుతాయి. మీరు రాసుకున్న సమీకరణంలో అవి చక్కగా సరిపోతాయి, కానీ అడిగిన ప్రశ్నకు తప్పు జవాబు. అందుకని పిల్లలూ, మొదటి తనిఖీ ఫోటోకీ మీ కాగితానికీ మధ్యే జరగాలి, గుర్తు గుర్తుకీ. పంపేముందు మీ ఫోటోలో మీ మైనస్‌లు కనబడుతున్నాయో లేదో కూడా చూసుకోండి.