నిఖత్ ఫొటో, షాపు లోగో: ముబారక్‌బాద్ ఎక్కడ ప్రకటన అవుతుంది?

2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ జరీన్ ప్రపంచ బాక్సింగ్ స్వర్ణం గెలిచింది. నిజామాబాద్ బిడ్డ. ఇలాంటి రోజున ఏ దుకాణదారుకైనా వచ్చే ఆలోచన ఒక్కటే: గూగుల్‌లో ఒక ఫొటో తీసుకొని, పక్కన షాపు లోగో, కింద ఫోన్ నంబరు పెట్టి పోస్టు చేయాలని. "మనూరి అమ్మాయికి ముబారక్ చెప్తే తప్పేంది భాయ్?" అంటారు. చెప్పడంలో తప్పు లేదు. చిక్కంతా ఆ లోగోతోనే.

దానికి ఒక ఏడాది ముందే మన హైదరాబాద్ క్రీడాకారిణి పీవీ సింధు విషయంలో ఇది బయటపడింది. 2021 ఆగస్టు 1న టోక్యోలో ఆమెకు కాంస్యం రాగానే పెద్ద పెద్ద కంపెనీలు, బ్యాంకులు సహా, ఆమె ఫొటోకు తమ బ్రాండు పేరు జోడించి అభినందనలు పోస్టు చేశాయి. ఆమె వ్యవహారాలు చూసే బేస్‌లైన్ వెంచర్స్ సంస్థ సుమారు 20 బ్రాండ్లపై చట్టపరమైన చర్యకు దిగుతామని, ఒక్కొక్కరి నుంచి 5 కోట్లు అడుగుతామని ప్రకటించింది. వాదన సింపుల్: డబ్బు కట్టి ఆమెతో ఒప్పందం చేసుకున్న కంపెనీ ఒకవైపు ఉండగా, పైసా ఇవ్వకుండా అదే లాభం మరొకరు ఎలా పొందుతారు? ప్రకటనల మండలి ఏఎస్‌సీఐ కూడా ఆటగాళ్ల అనుమతి లేకుండా వాళ్లను ప్రకటనల్లో వాడటం తమ నియమావళికి విరుద్ధమని చెప్పింది. 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం అనుమతి లేకుండా వాడొద్దని మధ్యంతర ఉత్తర్వులు తెచ్చుకున్నారు.

అంటే ఒక ఫొటోకు ఇద్దరు హక్కుదారులు ఉండొచ్చు. అందులో ఉన్న మనిషి ఒకరు, తీసిన ఫొటోగ్రాఫర్ లేదా వార్తా ఏజెన్సీ మరొకరు. కింద "ఫొటో: గూగుల్" అని రాసినంత మాత్రాన ఏ ఒక్కరి అనుమతీ వచ్చినట్టు కాదు. ఫొటో లేకుండా, ఆఫర్ లేకుండా, "నిఖత్‌కు అభినందనలు" అని అక్షరాలతో పెట్టే పోస్టులో ప్రమాదం చాలా తక్కువ. "నిఖత్ గెలుపు సందర్భంగా 20 శాతం తగ్గింపు" అన్నారా, అది ప్రకటనే.

ఇదే లెక్క తిప్పి చూస్తే మన ఇళ్లకు సంబంధించిన సంగతి ఒకటుంది. డబ్బు తీసుకొని, మన కోరిక మీద తీసిన ఫొటోకు మొదటి యజమాని డబ్బు ఇచ్చినవారే అని కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది, వేరే ఒప్పందం ఉంటే తప్ప. బోధన్‌లో నిఖా ఫొటోలు తీసిన స్టూడియో, పెళ్లికూతురి ఫొటోను తన ఇన్‌స్టాగ్రామ్‌లో నమూనాగా పెట్టాలంటే ఆ కుటుంబాన్ని అడగాల్సిందే. అయితే బుకింగ్ కాగితంలో చిన్న అక్షరాల్లో "ప్రచారానికి వాడుకుంటాం" అని ఉంటే, దానిమీద మీరు సంతకం చేస్తే, అదే ఆ వేరే ఒప్పందం అవుతుంది. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ లైను చూడండి, వద్దనుకుంటే కొట్టేయించండి.

పాట విషయంలో చాలామంది మోసపోయేది ఇన్‌స్టాగ్రామ్ లైబ్రరీ దగ్గర. "యాప్‌లోనే ఉంది కదా, వాడితే ఏమైతది?" ఆ పాటల లైసెన్సు సొంత, వ్యాపారేతర వాడకానికి. అందుకే బిజినెస్ అకౌంట్‌కు చాలా సినిమా పాటలు కనిపించవు. కొందరు అకౌంట్ రకం మార్చి పాట పెడతారు. పాట కనిపిస్తుంది గానీ అనుమతి పుట్టదు. షాపును ప్రచారం చేసే రీలు ఏ అకౌంట్‌లో ఉన్నా వ్యాపారమే. 2025లో సోనీ మ్యూజిక్ సంస్థ, ప్రచార పోస్టుల్లో తన పాటలు వాడారంటూ మింత్రాపై బాంబే హైకోర్టుకు వెళ్లింది. చిన్న షాపుకు సాధారణంగా ముందు జరిగేది రీలు మ్యూట్ కావడం లేదా తీసేయడం. నోటీసు రాదన్న గ్యారంటీ మాత్రం లేదు.

"పాత ఖవ్వాలీయే కదా" అనేదీ పూర్తిగా నిజం కాదు. రికార్డింగ్‌కు విడుదలైన నాటి నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. సాహిత్యం, బాణీలకు మాత్రం రాసినవారు, కట్టినవారు చనిపోయాక 60 ఏళ్లు. నౌషాద్ 2006లో కన్నుమూశారు. ఆయన బాణీలకు 2066 దాకా హక్కులు నడుస్తాయి. నాత్‌లకూ ఇదే వర్తిస్తుంది.

పెళ్లిలో, బారాత్‌లో పాట మోగించడానికి 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు వేడుకకే. అదే వీడియోను ఫంక్షన్ హాలు తన ప్రచారానికి పాటతో సహా పోస్టు చేస్తే వర్తించదు.

మరి షాపువాళ్లు ఏం వాడొచ్చు? మెటా ఇచ్చే Sound Collection సంగీతం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార పోస్టులకు పనికొస్తుంది, అదే వీడియోను యూట్యూబ్‌లో వేస్తే మాత్రం లెక్క వేరు. మీ సరుకు మీరే ఫోన్‌తో తీసిన ఫొటో, షాపులో మీ గొంతుతో చెప్పిన మాట ఇంకా మేలు. కస్టమర్ మొహం కనిపిస్తే వాట్సాప్‌లో "పెట్టుకోవచ్చు" అని ఒక మెసేజ్ తీసుకొని దాచుకోండి. పిల్లలైతే తల్లిదండ్రుల దగ్గర.