42లోంచి 17 తీస్తే 35 అని రాసిన పిల్ల మొద్దు కాదు



దోర్నాల, యర్రగొండపాలెం వైపు మన చెంచు గూడేల్లో రెండో తరగతి పిల్లలకి పలకిచ్చి 42లోంచి 17 తీసేయమనండి. 35 అని రాసేవాళ్లు కనిపిస్తారు. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచే రెండు తీసేస్తారు. ఇది తెలివి తక్కువై కాదు. ఆ పాఠం చెప్పిన వారం ఆ పిల్ల అమ్మానాన్నలతో అడవిలో ఉండి ఉంటుంది. జూన్‌లో అంకెలు, తర్వాత కూడిక, ఆ తర్వాత తీసివేత అని వరసగా చెప్పుకుపోతే, తప్పిపోయిన పాఠం మళ్లీ రాదు.

అందుకే నేననేది, ఏడాదికి ఒక పటం వేసుకుందాం. ముఖ్యమైన లెక్క ఒక్కటే, పది. అది ఏడాదిలో నాలుగుసార్లు రావాలి, వచ్చిన ప్రతిసారీ ఒక మెట్టు లోతుకు దిగాలి. జెరోమ్ బ్రూనర్ అనే అమెరికా పండితుడు 1960లోనే ఈ పద్ధతి గురించి రాశాడు.

జూన్, జూలైలో చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టించండి. నలభై రెండంటే నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. విన్నది విన్నట్టు 402 అని రాస్తే ఈ మెట్టు ఎక్కలేదని అర్థం. సెప్టెంబర్‌లో 27కి 15 కలపండి. విడివి పన్నెండవుతాయి, అందులో పది కొత్త కట్టవుతుంది. డిసెంబర్‌లో దీన్నే వెనక్కి తిప్పాలి. 42లోంచి 17 తీయాలంటే ఒక కట్ట విప్పాలి. అప్పుడు మూడు కట్టలు, పన్నెండు పుల్లలు ఉంటాయి. ఒక కట్ట, ఏడు పుల్లలు తీస్తే 25. (దీన్ని ‘అప్పు తేవడం’ అంటారు. నాకా మాట నచ్చదు. తిరిగిచ్చేదేం లేదు, మన కట్టే మనం విప్పుకుంటున్నాం.) ఫిబ్రవరిలో పది కట్టలు కలిపి వంద. సంతలో వంద నోటిచ్చి 64 రూపాయల సరుకు కొంటే చిల్లరెంత? ఇక్కడ పెద్ద కట్ట విప్పి, అందులో ఒక చిన్న కట్ట కూడా విప్పాలి. 36 వస్తుంది.

ప్రతిసారీ మొదటి మూడు రోజులు పాత మెట్టే చేయించాలి. సెప్టెంబర్‌లో రాని పిల్ల డిసెంబర్‌లో మళ్లీ కలిసేది అక్కడే. ఆ తర్వాత పుల్లలు పక్కన పెట్టి, పలక మీద కట్టకో గీత, విడి పుల్లకో చుక్క గీయించి, చివరికి అంకెల్లోకి రావాలి. గీతలు లేకుండా రాస్తూ, ‘ఏ కట్ట విప్పావు?’ అంటే చెప్పగలిగితే మెట్టు ఎక్కినట్టే.

ఒక జాగ్రత్త. పాతదే తిరగేసి కొత్త మెట్టు కలపకపోతే అది ఉత్త పునశ్చరణ. అలాగని పటంలో పది అంశాలు కుక్కి ఒక్కోదానికి రెండ్రోజులిస్తే ఏదీ నిలవదు.

మార్కాపురం, గిద్దలూరు కాలేజీల్లో చదివే మీరు సెలవులకి గూడెం వెళ్లినప్పుడు బడిలో సారునో, మేడమ్‌నో అడగండి: డిసెంబర్‌లో కట్టలు మళ్లీ బయటికి తీస్తున్నారా? లేదంటే ఆ పటం ఒక చార్టు మీద మీరే రాసి గోడకి అంటించి రండి.