తెనాలిలో ఉన్నా రేపల్లెలో ఉన్నా రూల్ ఒక్కటే: డబ్బు వేసే ముందు ఈ మూడూ చూడండి

మొన్న రేపల్లె నుంచి మా బాబాయి కొడుకు ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. "అన్నయ్యా, ఇందులో ఐదొందలు వేస్తే ఇంకో ఐదొందలు బోనస్ అంట. కింద లైసెన్స్ నంబర్ కూడా ఉంది. లీగలే కదా?" అని అడిగాడు. ఫోన్ల గురించి, ఇయర్‌బడ్స్ గురించి అడిగితే నేను రెండు రోజులు టెస్ట్ చేసి చెప్తాను. దీనికి మాత్రం వెంటనే చెప్పాను: లీగల్ కాదురా, వేయకు. వాడు నమ్మలేదు. అందుకే ఇద్దరం కూర్చుని ఆ సైట్‌ని చెక్ చేశాం. అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు చట్టం సంగతి. తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలో ఉన్నాయి. జిల్లా ఏదైనా ఇక్కడ వర్తించేది రాష్ట్ర చట్టమే, అంటే 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ యాక్ట్. 2020 సెప్టెంబర్‌లో ప్రభుత్వం దాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్, బెట్టింగ్ అన్నింటినీ నేరం కిందకు తెచ్చింది. ఆడిస్తూ దొరికితే మొదటిసారి ఏడాది వరకు జైలు. ఆడినవాళ్ళకు ఆరు నెలల వరకు. అంటే మన రాష్ట్రంలో రిస్క్ కంపెనీది మాత్రమే కాదు, ఆడేవాడిది కూడా.

ఇక్కడ చాలామంది "రమ్మీ స్కిల్ గేమ్ అని సుప్రీంకోర్టే చెప్పింది కదా" అంటారు. నిజమే, చెప్పింది. 1967లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో చెప్పింది. కానీ అది క్లబ్బులో బల్ల చుట్టూ కూర్చుని ఆడే పేకాట గురించి. 2020 సవరణ తర్వాత డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ళని ఆ మాట ఇక్కడ కాపాడదు. డ్రీమ్11 లాంటి పెద్ద యాప్‌లు కూడా ఏళ్ల తరబడి ఆంధ్ర, తెలంగాణ యూజర్లను డబ్బు కాంటెస్టుల్లోకి రానివ్వలేదు. లొకేషన్ చూసి ఆపేసేవి. అప్పట్లో ఫేక్ జీపీఎస్ పెట్టి "నేను చెన్నైలో ఉన్నా" అనిపించుకున్నవాళ్ళు మీకూ తెలిసే ఉంటారు.

ఇప్పుడు ఆ చెన్నై దారి కూడా లేదు. 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది, 22న రాష్ట్రపతి సంతకం కూడా అయ్యింది. స్కిల్ అయినా, లక్ అయినా, డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ గేమ్ దేశమంతా నిషేధం అని ఆ చట్టం చెప్తుంది. నడిపేవాళ్ళకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేసేవాళ్ళకు రెండేళ్ల వరకు జైలు, యాభై లక్షల వరకు జరిమానా. ఆడేవాళ్ళకు ఈ కేంద్ర చట్టంలో శిక్ష లేదు కానీ, పైన చెప్పిన రాష్ట్ర చట్టంలో ఉంది. కేంద్ర చట్టాన్ని కంపెనీలు కోర్టులో సవాలు చేశాయి. సవాలు చేయడం అంటే పర్మిషన్ వచ్చినట్టు కాదు.

కాబట్టి మన ఊళ్లలో అసలు ప్రశ్న "ఈ సైట్ లీగలా" అని కాదు. "డబ్బు వేయమంటోందా, రిజల్ట్‌ని బట్టి డబ్బు ఇస్తానంటోందా" అన్నదే. రెండింటికీ అవును అయితే, కథ అక్కడితో అయిపోయింది. మరి చెక్ చేయడం ఎందుకు? అది లీగల్ అని ఎదురుగా చెప్తున్నవాడు ఎంత అబద్ధం ఆడుతున్నాడో మన కళ్ళతో చూడటానికి.

ఒకటి, లైసెన్స్. మావాడు పంపిన సైట్ కింద కురసావో లైసెన్స్ అని బ్యాడ్జ్ ఉంది. కురసావో అంటే కరేబియన్ సముద్రంలో ఒక దీవి. నిజమైన బ్యాడ్జ్‌ని నొక్కితే లైసెన్స్ ఇచ్చిన సంస్థ పేజీకి వెళ్లి, అక్కడ అదే డొమైన్ పేరు కనిపించాలి. ఇది నొక్కితే కదల్లేదు. అదొక బొమ్మ, అంతే. ఒకవేళ అసలుదే అయినా మనకి ఒరిగేదేం లేదు. ఆ దీవి ఇచ్చిన కాగితం రేపల్లెలో చెల్లదు.

రెండు, డొమైన్ వయసు. సైట్‌లో "పదేళ్లుగా లక్షల మంది నమ్మకం" అని రాసి ఉంది. ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ ఉంటే ఇలా కొట్టండి, example.com బదులు ఆ సైట్ పేరు పెట్టండి:

```
whois example.com
```

ఫోన్‌లో అయితే lookup.icann.org లో పేరు టైప్ చేస్తే చాలు. వచ్చిన దాంట్లో Creation Date చూడండి. మావాడి సైట్ పుట్టి ఏడు వారాలైంది. కారణం సింపుల్. ప్రభుత్వం ఒక అడ్రస్ బ్లాక్ చేస్తే, అదే సైట్ పేరు చివర ఒక అంకె తగిలించుకుని మళ్లీ వస్తుంది. 2020 అక్టోబర్‌లోనే మన రాష్ట్రం 132 సైట్లు, యాప్‌లు బ్లాక్ చేయమని కేంద్రానికి లేఖ రాసింది. అందుకే "నా ఫోన్‌లో ఓపెన్ అవుతోంది కదా" అనేది ప్రూఫ్ కాదు. దాన్ని ఇంకా బ్లాక్ చేయలేదు అన్నంతవరకే దాని అర్థం. వీపీఎన్ పెడితేనే ఓపెన్ అవుతోందంటే, ఇక చెప్పేదేముంది.

మూడు, డబ్బు ఎవరికి వెళ్తోంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. డిపాజిట్ నొక్కితే క్యూఆర్ కోడ్ వచ్చింది. స్కాన్ చేశాం, పిన్ కొట్టలేదు. యూపీఐ యాప్‌లో కనిపించిన పేరు సైట్‌ది కాదు, ఎవరో ఒక వ్యక్తిది. పేజీ రిఫ్రెష్ చేస్తే ఇంకో క్యూఆర్, ఈసారి ఏదో కిరాణా షాపు పేరు. మళ్లీ చేస్తే మూడో పేరు. ఇవి అద్దెకు తీసుకున్న బ్యాంక్ ఖాతాలు. వీటినే మ్యూల్ అకౌంట్లు అంటారు.

ఇక్కడ పోయేది ఐదొందలే అనుకోకండి. గెలిచినా ప్రమాదమే. మీకు వచ్చే డబ్బు కూడా ఇలాంటి ఖాతా నుంచే వస్తుంది. ఆ ఖాతా మీద ఎక్కడో ఎవరైనా సైబర్ ఫిర్యాదు చేస్తే, డబ్బు ఎటెటు వెళ్లిందో వెతుక్కుంటూ పోలీసులు మీ ఖాతా దాకా వస్తారు. బాపట్లలో ఇంజనీరింగ్ చదివే నా ఫ్రెండ్‌కి ఇదే జరిగింది. గెలిచింది రెండు వేల చిల్లర. దాని దెబ్బకి ఫ్రీజ్ అయిన ఖాతాలో వాళ్ల నాన్న వేసిన సెమిస్టర్ ఫీజు ఉంది. బ్యాంక్‌లో అడిగితే వేరే రాష్ట్రం పోలీసుల నుంచి లెటర్ వచ్చింది, వాళ్ళతోనే మాట్లాడుకో అన్నారు. ఆ డబ్బు ఎలా వచ్చిందో చెప్పాలంటే, తను చేసిన తప్పు తనే ఒప్పుకోవాలి. ఫీజు గడువు దాటిపోయాక ఇంట్లో చెప్పక తప్పలేదు.

ఈ మూడు టెస్టుల్లో పాసైన సైట్ లీగల్ అని మాత్రం అనుకోవద్దు. ఫెయిలైతే మోసం అని తెలుస్తుంది. పాసైతే, చట్టవిరుద్ధమే కానీ కాస్త నీట్‌గా నడుపుతున్నారని తెలుస్తుంది. అంతే తేడా. డబ్బు పందెం లేకుండా ఆడే గేమ్స్, ఈ-స్పోర్ట్స్ టోర్నమెంట్లు వేరు. వాటిని కొత్త కేంద్ర చట్టమే అనుమతిస్తోంది.

ఇప్పటికే డబ్బు వేసి మోసపోయి ఉంటే, సిగ్గుపడి ఆలస్యం చేయకండి. 1930 కి కాల్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఇంకో ఖాతాకి మారేలోపు చెప్తేనే ఆపే ఛాన్స్ ఉంటుంది. స్క్రీన్‌షాట్లు, యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ దాచుకోండి. "విత్‌డ్రా కావాలంటే ముందు ట్యాక్స్ కట్టాలి" అని సైట్ వాళ్ళు అడిగితే ఇంకో రూపాయి కూడా వేయకండి.

మావాడు ఆ ట్యాబ్ మూసేశాడు. "మరి ఆ ఐదొందలు ఏం చేయమంటావ్ అన్నయ్యా?" అన్నాడు. వాడి ఫోన్ చూశాను. ఛార్జింగ్ కేబుల్ చివర టేప్ చుట్టి ఉంది. "ముందు అది మార్చు" అన్నాను.