రూపం – ప్రతిరూపం

కాళిదాసు రచించిన 'మాళవికాగ్నిమిత్రం' నాటకంలో అగ్నిమిత్రుడు మాళవికను మొదట చూసినది చిత్రపటంలోనే. ఆ రూపానికి ముగ్ధుడైన రాజును ఒక సందేహం వెంటాడింది. చిత్రకారుడు ఆమెలో లేని కాంతిని కల్పించి ఉంటాడేమో! తరువాత నాట్యప్రదర్శనలో ఆమెను స్వయంగా చూసినప్పుడు ఆ సందేహం తలకిందులైంది. చిత్రకారుడే ఏకాగ్రత చాలక ఆమె కాంతిని పట్టుకోలేకపోయాడని రాజు భావించాడు. చిత్రాన్ని బట్టి మనిషిని అంచనా వేయడం ఎంత ప్రాచీనమో, ఆ చిత్రాన్ని శంకించడం కూడా అంత ప్రాచీనం. అయితే నాటి చిత్రం చేతితో గీసినదని చూసేవారికి తెలుసు. నేటి ఛాయాచిత్రాన్ని తీసేది యంత్రం కనుక, అది ఉన్నది ఉన్నట్లే చూపుతుందని జనం నమ్ముతారు. ఆ నమ్మకమే నేటి చిక్కుకు మూలం.

ఒక సందర్భాన్ని ఊహించి పరిశీలించవచ్చు. పెనుకొండకు చెందిన ఒక యువతికి సంబంధాలు చూస్తున్నారు. ఆమె తల్లిదండ్రులు హిందూపురంలోని ఒక స్టూడియోలో ఫొటో తీయించి, ధర్మవరంలోని వరుని ఇంటికి పంపారు. స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చున్న వ్యక్తి ఆ ఫొటోలో అనేక మార్పులు చేయగలడు. అన్నీ ఒకే కోవకు చెందినవి కావు.

మొదటిది వెలుగుకు సంబంధించిన సవరణ. ట్యూబులైటు కింద తీసిన ఫొటోకు ఒక్కోసారి ఆకుపచ్చ ఛాయ పడుతుంది. పాతకాలపు బల్బు వెలుగులో పసుపు కమ్ముకుంటుంది. అమ్మాయి జడలోని మల్లెలు తెల్లగా కనబడేంతవరకు ఫొటో మొత్తానికి రంగు సరిచేస్తే, అది మోసం కాదు. కెమెరా చేసిన పొరపాటును దిద్దడమే. ముఖాకృతి విషయంలోనూ కెమెరా పొరబడుతుంది. దగ్గరగా ఉన్న వస్తువు పెద్దదిగా కనబడడం దృష్టిధర్మం. అడుగు దూరం నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు, ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోలో కంటే సుమారు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని అమెరికా పరిశోధకులు 2018లో లెక్కగట్టారు. దీనికి మందు ముక్కును సన్నగా చెక్కడం కాదు. కెమెరాను ఐదడుగుల దూరానికి జరపడం.

రెండవది తాత్కాలికమైన వాటిని తొలగించడం. వారం రోజులలో మానిపోయే మొటిమను చెరిపివేస్తే ఎవరికీ నష్టం లేదు. వరుని కుటుంబం వచ్చేనాటికి అది ఎలాగూ ఉండదు. మూడవది మనిషినే మార్చడం. మల్లెలు తెల్లబడిన తరువాత కూడా ముఖానికి మాత్రమే మరింత తెలుపు పూయడం, చెక్కిలిపై పుట్టుమచ్చను తుడిచివేయడం, దవడను కోసినట్లు సన్నబరచడం, నడుమును నొక్కడం ఈ కోవలోనివి. వీటిలో కెమెరా పొరపాటేమీ లేదు. ఉన్నదల్లా ఉన్న రూపాన్ని కాదనడమే.

కనుక హద్దును ఒక్క ప్రశ్నతో గీయవచ్చు: ఈ ఫొటోను చేతిలో పట్టుకున్న వ్యక్తి, పగటి వెలుగులో గడపలో నిలిచిన ఆ మనిషిని చూసి తడబడతాడా? తడబడకపోతే ఆ సవరణను చెప్పవలసిన పనిలేదు. తడబడే పక్షంలో, సంబంధాల ఫొటోలోనైనా, యువత తామే పరిచయాలు వెతుక్కునే ఆప్‌లలోని ఫొటోలోనైనా అటువంటి మార్పు అసలు చేయరాదు. ఇక్కడ 'సవరించిన ఫొటో' అని రాయడం కూడా చాలదు. ఎంత సవరించారో ఆ మాట చెప్పదు. అలంకరణతో తీసిన ఫొటోకు తోడుగా, ఏ సవరణా లేని ఇటీవలి ఫొటో ఒకటి, తీసిన నెలతో సహా జతచేయడం నిజాయితీగల పద్ధతి.

దీనికి ఒక అభ్యంతరం వినబడుతుంది. అందరూ దిద్దుతున్నప్పుడు దిద్దని ఫొటో వెనుకబడిపోదా? నిజమే, కొన్ని సంబంధాలు తప్పిపోవచ్చు. కానీ అవి పెళ్ళిచూపుల నాడు తప్పిపోయేవే. తేడా ఏమిటంటే, ఆనాడు నలుగురి ఎదుట "ఫొటోలో ఇలా లేదే" అన్న మాటను భరించవలసినది ఆ అమ్మాయి. ఫొటో దిద్దినవారెవరూ ఆ గదిలో ఉండరు. అంతకంటే ముందే, తన రంగు తన ఇంటివారికే చాలలేదన్న సంగతి ఆమెకు ఆ ఫొటో చెప్పి ఉంటుంది.

సత్యమంటే శరీరంపై ఉన్న ప్రతి గుర్తునూ అపరిచితులకు చూపడం కాదు. కాలిన మచ్చ ఉన్నవారు అది కనబడని భంగిమను ఎంచుకోవచ్చు. అది వారి గోప్యత. కనబడే మచ్చను చెరపడం మాత్రం వేరు. నిర్ణయానికి ముందే ఆ సంగతి మాటలలో చెప్పడం వారికీ, ఎదుటివారికీ గౌరవం. పెళ్ళికి సంబంధించిన ముఖ్య విషయంలో మోసంచేసి సమ్మతి పొందితే వివాహం రద్దుకు కోరవచ్చునని హిందూ వివాహ చట్టం 12వ సెక్షను చెబుతుంది. ప్రతి ఫొటో దిద్దుబాటూ ఆ స్థాయికి చేరదు. చట్టం చేరని చోట మనస్సాక్షి హద్దు గీయాలి.

వ్యాపార ప్రకటనలలో లెక్క కొంత వేరు. ధర్మవరం పట్టుచీరను కట్టుకున్న మోడల్ ఫొటోను తీసుకుంటే, చూసేవారు కొనదలచినది చీరను, ఆమెను కాదు. అయినా ఆమె నడుమును సన్నబరిస్తే కుచ్చిళ్ళు కూడా సన్నబడతాయి. జరీ బరువున్న చీర తేలికైన పట్టులా జారినట్లు కనబడుతుంది. అప్పుడు అబద్ధం చీరకూ పాకింది. అమ్మే వస్తువు గుణాన్ని మార్చి చూపే దిద్దుబాటును ఏ ముద్రా పవిత్రం చేయలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయలదాకా, తిరిగి చేస్తే 50 లక్షలదాకా జరిమానా విధించవచ్చు.

వస్తువుతో నిమిత్తం లేకుండా మోడల్ శరీరాన్ని మాత్రమే మార్చినప్పుడు, ఆ సంగతి తెలిపే ముద్ర ఉండాలి. ఫ్రాన్సులో 2017 అక్టోబరు 1 నుంచి, శరీరాన్ని సన్నగానో లావుగానో మార్చిన ప్రకటనలపై 'సవరించిన ఛాయాచిత్రం' అని రాయాలన్న నియమం ఉంది. అయితే చర్మం, జుట్టు దాని పరిధిలోకి రావు. నార్వేలో 2022 జూలై 1 నుంచి అమలైన నియమం చర్మాన్ని కూడా చేర్చింది. మేనిఛాయే కొలబద్దగా మారిన మన సమాజానికి నార్వే దారి తగినది. కాని ముద్రకూ పరిమితి ఉంది. దానిని చదివినంత మాత్రాన చూసేవారికి తమ శరీరంపై కలిగే అసంతృప్తి తగ్గడం లేదని పలు పరిశోధనలలో తేలింది. కనుక ముద్ర రెండవ మెట్టు. మార్పుకు హద్దు మొదటి మెట్టు.

చూసేవారికీ కొన్ని ఆనవాళ్ళు తెలియాలి. ముఖం ఒక రంగు, చేతులు మరొక రంగు అయితే తెలుపు పూసినట్లే. చెక్కిలి మైనంలా నునుపై, మెడ మీద చర్మపు గీతలు అలాగే ఉంటే ముఖాన్ని తుడిచినట్లే. నడుము పక్కనున్న తలుపు చట్రమో, చీర అంచో వంకరపోతే అక్కడ చేయిపడినట్లే. అయితే నేర్పుగా దిద్దినవారు ఈ జాడలను మిగల్చరు. అందుచేత నిజం చెప్పవలసిన భారం చూసేవారిది కాదు, పంపేవారిది. అగ్నిమిత్రుని సందేహం తీర్చడానికి మాళవిక స్వయంగా ఎదుట నిలిచింది. ఆమె ఎదుట నిలిచినప్పుడు తలదించుకోవలసినది చిత్రకారుడే గాని, ఆమె కాదు. స్టూడియో నుంచి ఇంటికి వచ్చే ఫొటో కూడా అటువంటిదై ఉండాలి.