ఆవిరి దాచుకున్న వేడి

దమ్ బిర్యానీ డేగిశా మూత తీస్తూ ముంజేయి కాల్చుకున్న ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. అంతకు నెల రోజుల ముందు అదే చేతిమీద మరుగుతున్న నీళ్లు చిందాయట. చర్మం ఎర్రబడి, సాయంత్రానికి తగ్గిపోయింది. ఈసారి మాత్రం ఒక్క చుక్క నీరు కూడా పడలేదు, ఆవిరి తగిలిందంతే. అయినా బొబ్బలు లేచి, పుండు మానడానికి రెండు వారాలు పట్టింది. "మరిగే నీళ్లూ నూరు డిగ్రీలే, ఆవిరీ నూరు డిగ్రీలే కదా! మరి ఈ తేడా ఎక్కడిది?" అన్నది ఆమె ప్రశ్న. ఇది ఎంతో సరైన ప్రశ్న. దీనికి సమాధానం ఆమె పొయ్యిమీదే ఉంది.

ఒక గ్లాసు నీటిని గిన్నెలో పోసి, మంటను మార్చకుండా వేడిచేద్దాం. 30 డిగ్రీల దగ్గరున్న నీళ్లు అయిదు నిమిషాల్లో తెర్లడం మొదలుపెట్టాయనుకుందాం. అక్కడినుంచి ఆ నీరంతా ఆవిరైపోవడానికి ఎంతసేపు పడుతుంది? మరో అయిదు నిమిషాలు కాదు, ఇంచుమించు ముప్పై ఎనిమిది నిమిషాలు. అంతసేపూ మంట వేడినిస్తూనే ఉంటుంది. కానీ నీటిలో థర్మామీటరు ఉంచితే అది నూరు డిగ్రీలను దాటదు. మరి ఆ వేడి ఏమైనట్టు?

1760లలో స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో బోధించిన జోసెఫ్ బ్లాక్ ఈ ప్రశ్ననే వేసుకుని, ఇటువంటి ప్రయోగంతోనే జవాబు కనుగొన్నాడు. ఆ వేడి నీటి ఉష్ణోగ్రతను పెంచడానికి ఖర్చు కాలేదు. ఒకదానినొకటి పట్టుకుని ఉన్న నీటి అణువులను విడదీసి, ఆవిరిగా మార్చడానికి ఖర్చయింది. థర్మామీటరుకు కనిపించకుండా ఆవిరిలో దాగి ఉంటుంది కనుకనే దానికి గుప్తోష్ణమని పేరు వచ్చింది. అది నశించదు. ఆవిరి తిరిగి నీరైన చోట, నీరైన క్షణంలో, మొత్తం బయటికి వస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక గ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి ఒక కెలోరీ వేడి కావాలి. నూరు డిగ్రీల వద్ద ఉన్న ఒక గ్రాము నీటిని ఆవిరిగా మార్చడానికి సుమారు 540 కెలోరీలు కావాలి. ఒక గ్రాము మరిగే నీరు మన చర్మంమీద పడి 35 డిగ్రీలకు చల్లబడితే, అది చర్మానికి ఇచ్చే వేడి 65 కెలోరీలు. అదే ఒక గ్రాము ఆవిరి చర్మానికి తగిలితే, ముందు నీరుగా మారుతూ 540 కెలోరీలు ఇస్తుంది. ఆ పైన ఆ నీరు చల్లబడుతూ మరో 65 ఇస్తుంది. మొత్తం 605 కెలోరీలు, అంటే తొమ్మిది రెట్లకు పైగా.

దీని అర్థం ఏమిటో ఆ సోదరి ముంజేతిమీదే చూడవచ్చు. అరచేయంత వెడల్పున, పైపైన ఒక మిల్లీమీటరు మందమున్న చర్మం సుమారు పది గ్రాములు ఉంటుందనుకుందాం. లెక్క సులువు కావడానికి చర్మాన్ని నీటితో సమానంగానే భావిద్దాం. దానిమీద ఒక గ్రాము మరిగే నీరు పడి రెండూ ఒకే వేడికి చేరితే, ఆ చర్మం 34 డిగ్రీల నుంచి దాదాపు 40 డిగ్రీలకు మాత్రమే వస్తుంది. చురుక్కుమంటుంది, అంతే. అదే ఒక గ్రాము ఆవిరి అయితే దాదాపు 89 డిగ్రీలకు చేరుతుంది. నిజానికి కొంత వేడి లోపలికి జారుకుంటుంది, కొంత రక్తం మోసుకుపోతుంది కనుక చర్మం అంతవరకు వెళ్లదు. అయితే 60 డిగ్రీల వేడే కొద్ది సెకన్లలో చర్మాన్ని లోతుగా కాల్చగలదని గుర్తుంచుకుంటే, తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది.

తందూరులో చేయిపెట్టి రొట్టె తీసేవారిని మనం చూస్తూనే ఉంటాం. అక్కడి గాలి నూరు డిగ్రీలకంటే ఎంతో వేడిగా ఉన్నా, చేయి చటుక్కున వెనక్కి తీసుకుంటే కాలదు. పొడి గాలి ఒంటికి తగిలినా గాలిగానే మిగులుతుంది, దానిలో దాగిన వేడి లేదు. ఆవిరి అలా కాదు. చల్లని చర్మాన్ని తాకగానే అక్కడే నీరవుతుంది. ఆ చోటు ఖాళీ కాగానే వెనకనున్న ఆవిరి వచ్చి చేరుతుంది, అదీ నీరవుతుంది.

ఇక్కడ ఒక హద్దు చెప్పకుండా ఉండలేము. ఈ లెక్క గ్రాముకు గ్రాము పోల్చినప్పటిది. ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. కనుక టీ కప్పుమీద లేచే ఆవిరిలో ఉన్న నీరు స్వల్పమే, అదీ గాలిలో కలిసిపోయి ఉంటుంది. మరిగే నీళ్ల గిన్నె మొత్తం ఒంటిమీద ఒలికితే జరిగే హాని దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆవిరి ప్రమాదకరమయ్యేది చిక్కగా, ఒకే చోటినుంచి, ఆగకుండా వచ్చినప్పుడు.

దమ్ డేగిశాలో సరిగ్గా అదే జరుగుతుంది. అంచుచుట్టూ పిండి ముద్దతో మూసినా, వేడెక్కుతున్న కొద్దీ లోపలి గాలి సందుల్లోంచి బయటికి పోయి, మూత కింద దాదాపు ఆవిరే మిగులుతుంది. మూతను ఒక పక్క ఎత్తగానే అదంతా ఆ ఒక్క సందులోంచే దూసుకొస్తుంది. ఆ సందు మనవైపు ఉంటే ముంజేయి దాని దారిలోనే ఉంటుంది. పైగా మనకు కనిపించే తెల్లని పొగ అప్పటికే చల్లబడి చిన్న చిన్న బిందువులుగా మారిన నీరు. అసలైన ఆవిరి కంటికి కనిపించదు. మూత అంచుకూ తెల్లని పొగకూ మధ్య ఏమీ లేనట్టుండే చోటే అన్నిటికంటే వేడిది.

అందుకే మంట ఆర్పిన తర్వాత పది నిమిషాలు ఆగాలి. కొత్త ఆవిరి పుట్టడం తగ్గి, ఉన్నదానిలో కొంత అన్నంమీదే నీరవుతుంది. ఆ తర్వాత మూతను మనకు అవతలి అంచునుంచి ఎత్తితే, మూతే మనకు అడ్డుగోడ అవుతుంది. పట్టుకునే గుడ్డ పొడిగా ఉండాలి, తడిగుడ్డ వేడిని వేగంగా చేతికి చేరవేస్తుంది.

అయినా కాలితే, ఆవిరి తగలడం ఆగినా చర్మంలో చేరిన వేడి లోపలికి దిగుతూనే ఉంటుంది. గాజులు, ఉంగరాలు, ఆవిరికి తడిసిన చేతిగుడ్డ వెంటనే తీసి, కుళాయి చల్లని నీటిధార కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, పసుపు పెట్టకూడదు. ముఖానికి ఆవిరి తగిలి గొంతు బొంగురుపోయినా, ఊపిరి కష్టమైనా ఆసుపత్రికి ఆలస్యం చేయకూడదు. ఆవిరి తన వేడిని గొంతులోపలికి కూడా మోసుకుపోగలదు.

ఆ సోదరి చేతిమీద ఆనాడు చిందినవి కొద్ది చుక్కలు. అవి తమ దగ్గరున్న కొంచెం వేడిని ఇచ్చి జారిపోయాయి. మూత కిందినుంచి వచ్చిన ఆవిరి మాత్రం, పొయ్యి అంతసేపు తనకిచ్చిన వేడిని ఆమె చర్మంమీద క్షణంలో దించింది. థర్మామీటరు రెండింటికీ ఒకే అంకె చూపించింది, కానీ అది చూపించగలిగింది అంతవరకే.