రూపాయి పడితే పండుగ చేసుకుంటం, రియాల్ ఎందుకు పడదో మాత్రం అడగం



జీతం పడిన రోజు మన క్యాంపుల్లో ఒకటే ముచ్చట. రేటు ఎంత? పది పైసలు ఎక్కువుంటే సంబరం, తక్కువుంటే ఇంకో వారం ఆగుదాం అంటాం. ఇన్నేళ్లుగా ఆ బోర్డు చూస్తున్నాం కానీ, అందులో కదిలేది రూపాయి మాత్రమేనని, రియాల్ కదలదని మనలో ఎంతమంది గమనించాం? 1986 నుంచి ఒక డాలరుకు 3.75 రియాళ్లే. మన రేటు అంటే డాలరుకు ఎన్ని రూపాయలో చూసి దాన్ని 3.75తో భాగించడమే. ఆపైన కౌంటర్ వాడు తన లాభం కొంత పట్టుకుంటాడు.

2013 గుర్తు చేసుకుందాం. మే నెలలో డాలరు 55 రూపాయల దగ్గరుంది, అంటే మనకు రియాల్‌కు పద్నాలుగున్నర. ఆగస్టు 28న డాలరు 68 దాటింది, రియాల్ పద్దెనిమిదికి ఎక్కింది. మూడు నెలల్లో వెయ్యి రియాళ్లకు మూడున్నర వేలు ఎక్కువ. ఇంత తేడా ఎట్లా వచ్చింది?

ఒక ఇల్లు అనుకోండి. ఊర్లో పంట అమ్మితే వచ్చేది, కూలీ, గల్ఫ్ నుంచి కొడుకు పంపేది ఒక పక్క. కిరాణా, కరెంటు బిల్లు, కొన్న బంగారం ఇంకో పక్క. ఖర్చు ఎక్కువైతే ఆ తేడా అప్పు తెచ్చి పూడ్చాలి, లేదా దాచిన దాంట్లోంచి తీయాలి. దేశానికీ అంతే. ఎగుమతులు, సేవలు, మనం పంపే పైసలు వచ్చే లెక్క. చమురు, బంగారం, యంత్రాలు పోయే లెక్క. పోయేది ఎక్కువైతే దాన్ని కరెంట్ అకౌంట్ లోటు అంటారు. ఆ లోటును పూడ్చే డాలర్లు పెట్టుబడిగానో అప్పుగానో బయటి నుంచి రావాలి. రాకపోతే రిజర్వు బ్యాంకు నిల్వ కరగాలి. ఈ మొత్తం చిట్టానే చెల్లింపుల ఖాతా.

2012-13లో భారత్ లోటు 8,800 కోట్ల డాలర్లు, దేశ ఆదాయంలో 4.8 శాతం. అంత పెద్ద లోటు అంతకుముందు ఎప్పుడూ లేదు. మనవాళ్లంతా అన్ని దేశాల నుంచి పంపిన 6,000 కోట్లకు పైగా డాలర్లు కలిపిన తర్వాత మిగిలిన లోటు అది. అందులో బంగారం కొనుడే 5,000 కోట్లకు పైగా. పోయింది ఎక్కువ చమురుకే అయినా, చమురు లేకుండా బండి నడవదు. బంగారం లేకుంటే పెళ్లి ఆగుతుందా అని ఎవరైనా అడగొచ్చు. మన ఇళ్లలో అడిగి చూడండి మరి!

లోటు ఉన్నంత మాత్రాన రూపాయి ఒక్కరోజులో పడదు. షేర్లలో, బాండ్లలో పెట్టుబడి పెట్టే విదేశీయుల డాలర్లతో అది పూడుతూ వచ్చింది. 2013 మేలో అమెరికా కేంద్ర బ్యాంకు, మేం మార్కెట్లోకి డబ్బు వదలడం తగ్గించొచ్చు అంది. అంతే, ఆ డాలర్లు తిరుగు ముఖం పట్టాయి. డాలర్లు కావాల్సినవాళ్లు అంతే ఉన్నారు, తెచ్చేవాళ్లు తగ్గారు, ధర పెరిగింది. మనం పండుగ చేసుకున్న పద్దెనిమిది ఆ ధరే. అదే ధరకు ఊర్లో డీజిల్ కూడా పెరిగింది.

ఇక్కడ మన తప్పు ఒకటి చెప్పుకోవాలి. అప్పుడు మా రూమ్‌లో చాలామందిమి ఇరవై అవుతుందని ఆగినం. ఐదు వేల రియాళ్లు చేతిలో పెట్టుకొని కూర్చున్న మనిషికి ఆగస్టు చివర 90 వేలు వచ్చేవి. సర్కారు బంగారం మీద సుంకాన్ని 6 నుంచి 10 శాతానికి పెంచింది. సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఎన్నారైల డాలర్ డిపాజిట్లకు వెసులుబాటు ఇచ్చింది, వాటితో వేల కోట్ల డాలర్లు వచ్చాయి. నవంబరుకు డాలరు 62 దగ్గరికి దిగింది. ఐదు వేల రియాళ్లు 82 వేల ఐదు వందలయ్యాయి. వీసా అప్పు నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చినం కదా, ఆ 90 వేలు కట్టకుండా ఉంచిన రెండు నెలల వడ్డీ ఇంకో 5,400. రేటు కోసం ఆగి పోగొట్టుకున్నది పన్నెండు వేలపైన.

ఇంకో తప్పు హుండీ. హుండీలో ఇక్కడ మనం రియాళ్లు ఇస్తే అక్కడ వాడి మనిషి ఇంటికొచ్చి రూపాయలు ఇస్తాడు. మన ఇంటికి డబ్బు చేరుతుంది, కానీ దేశానికి డాలరు చేరదు. మన రియాల్ ఇక్కడే ఆగి ఏ దొంగ బంగారానికో పెట్టుబడి అవుతుంది. ఆ ఏడు సుంకం పెరిగాక దొంగ బంగారం పెరగడానికి ఇట్లాంటి రియాళ్లు కూడా కావాలి కదా. పైగా అది నేరం, చేతిలో రశీదు కూడా ఉండదు.

ఇప్పుడు రియాల్ సంగతి. 2014 జూన్‌లో పీపా చమురు 110 డాలర్లపైన ఉంది, 2016 జనవరిలో 30 కంటే కిందికి పోయింది. 2015లో సౌదీ కరెంట్ అకౌంట్ కూడా లోటులో పడింది. రూపాయి అయితే పడిపోయేది. రియాల్ పడలేదు. సౌదీ దగ్గర 2014లో 73,000 కోట్ల డాలర్ల నిల్వ ఉంది, అది ఖర్చు పెట్టి 3.75ను నిలబెట్టారు. 2017 నాటికి ఆ నిల్వ 50,000 కోట్ల దగ్గరికి తగ్గింది.

ఎందుకంత పట్టుదల? చమురు అమ్మేదే డాలర్లలో. రియాల్ విలువ తగ్గించినా చమురు ఎక్కువ అమ్ముడుపోదు. బయటి నుంచి తెచ్చుకునే బియ్యం, కారు, మందులు మాత్రం ప్రియమవుతాయి. కాబట్టి వాళ్లు కరెన్సీని ముట్టుకోకుండా ఖర్చు కోశారు. కాంట్రాక్టర్లకు సర్కారు బిల్లులు ఆలస్యమయ్యాయి, కాంట్రాక్టర్లు మన జీతాలు ఆపారు. 2016 జులైలో క్యాంపుల్లో తిండి లేక కూర్చున్న వేలమంది భారతీయులకు మన రాయబార కార్యాలయం రేషన్ పంచింది. 2017 జులైలో కుటుంబాన్ని తెచ్చుకున్నవాళ్లకు తలకు నెలకు 100 రియాళ్లతో ఫీజు మొదలైంది. 2018లో 5 శాతం వ్యాట్, 2020లో అది 15 శాతం.

ఒక మాట గమనించండి. మనం ఇంటికి పంపే వెయ్యి రియాళ్లు భారత్ చిట్టాలో వచ్చే లెక్క, సౌదీ చిట్టాలో పోయే లెక్క. ఒకే రశీదు, రెండు ఖాతాలు. లోటు వచ్చినప్పుడు అక్కడ రూపాయి పడుతుంది. ఇక్కడ కరెన్సీ పడదు గనుక ఆ బరువు ఎక్కడో ఒకచోట పడాలి. పడింది మన ఓవర్‌టైం మీద, ఇఖామా రెన్యూవల్ మీద, ఫైనల్ ఎగ్జిట్ మీద. 2013లో రూపాయి పడితే నష్టపోయినవాళ్లకు అది పెట్రోల్ బంకులో తెలిసింది. 2016లో రియాల్ నిలబడితే దాని ఖర్చు మన మెస్‌లో తెలిసింది.

అందుకే మా అభిప్రాయం ఇది. రేటు బోర్డు కన్నా చమురు ధరను చూడటం మనకు ఎక్కువ అవసరం. చమురు నెలల తరబడి పడుతూ ఉంటే, ప్రాజెక్టు సర్కారుదైతే, జీతం పది రోజులు అటూ ఇటూ అవుతుంటే, కొత్త అప్పు చేయొద్దు, ఇంటి గోడ లేపొద్దు. వడ్డీ అప్పు ఉన్నవాళ్లు ఏ రేటు ఉన్నా జీతం పడిన వారమే పంపండి, బ్యాంకు ద్వారానో లైసెన్సు ఉన్న కౌంటర్ ద్వారానో. అప్పు లేనివాళ్లు ఆగుతామంటే ఆగండి, అది మీ ఇష్టం.

2016లో జీతాలు ఆగిన క్యాంపుల్లో ఉన్నవాళ్లు ఇక్కడ ఇంకా చాలామందే ఉన్నారు. మీ బకాయి ఎంత, ఎన్ని నెలలకు వచ్చింది, అసలు వచ్చిందా, కింద రాయండి. కంపెనీ పేరు రాయకండి, నెలలు రాస్తే చాలు.