ఫోటో చూసి పేరు చెప్పేస్తే చాలా?

మొన్న ఆదివారం మా చెల్లెలు ఫోనులో ఒక ఫోటో చూపించి, "అక్కా, అడుగు, నేను చెప్తా" అంది. ప్లస్ టూ కెమిస్ట్రీ వైవా కోసం వాళ్ల క్లాసులో అందరూ చూసుకుంటున్న ఫోటో అది. నాలుగు గాజు సామాన్లు, ఒక్కోదాని కింద ఖాళీ గీత. బ్యూరెట్, పిపెట్, కోనికల్ ఫ్లాస్క్, కండెన్సర్ అని గబగబా అప్పజెప్పేసింది. ఉపయోగాలూ చెప్పింది. బ్యూరెట్ చుక్క చుక్కగా పోయడానికి, పిపెట్ కొలిచి తీయడానికి, ఫ్లాస్క్ కలపడానికి, కండెన్సర్ ఆవిరిని చల్లార్చడానికి. నాలుగుకి నాలుగు మార్కులు.

అదే పిల్ల అంతకు ముందు గురువారం ల్యాబ్‌లో టైట్రేషన్ చేసి ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది. పిపెట్‌తో 20 మి.లీ. సోడియం హైడ్రాక్సైడ్ ఫ్లాస్క్‌లోకి తీసి, ఫినాఫ్తలీన్ వేసి, గులాబి రంగు పోయేదాకా బ్యూరెట్ నుంచి యాసిడ్ వదలాలి. రెండూ ఒకే బలం కాబట్టి 20 మి.లీ. దగ్గర రంగు పోవాలి. దీనికి ఒకసారి 21.1, ఇంకోసారి 20.7, మూడోసారి 20.9 వచ్చాయట. ఒకదానితో ఒకటి కలవని రీడింగులు వస్తే ఎక్కడో తప్పు జరిగిందనే అర్థం.

ఏం చేశావని అడిగితే, "అన్నీ శుభ్రంగా కడిగానే" అంది. తప్పు అక్కడే ఉంది. మూడు సామాన్లనీ అది ఒకే తీరుగా కడిగింది. ముందు నీళ్లతో, తర్వాత దేంట్లో ఏ ద్రావణం పోస్తామో దాంతో. బ్యూరెట్‌కి అదే సరైన పద్ధతి. లోపల నీళ్లు మిగిలితే యాసిడ్ పలచబడుతుంది. 50 మి.లీ.లో ఒక్క మి.లీ. నీళ్లు కలిసినా, 20 రావాల్సింది 20.4 వస్తుంది. పిపెట్‌కీ అంతే. ఫ్లాస్క్ సంగతి వేరు. అందులోకి వెళ్లాల్సిన హైడ్రాక్సైడ్‌ని పిపెట్ ముందే కొలిచేసింది. హైడ్రాక్సైడ్‌తో ఫ్లాస్క్‌ని కడిగితే గోడలకి అంటుకున్నది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఒక్కోసారి ఒక్కో కొలత అంటుకుంటుంది కాబట్టే రీడింగులు కలవలేదు. అదే ఫ్లాస్క్‌లో డిస్టిల్డ్ వాటర్ తడి ఉన్నా ఏ నష్టమూ లేదు. నీళ్లు కలిసినంత మాత్రాన లోపలున్న హైడ్రాక్సైడ్ పెరగదు, తరగదు.

ఇదంతా ఆ ఫోటోలో కనిపించదు. కనిపించాల్సినవి కూడా కనిపించవు. బ్యూరెట్ మీద సున్నా పైన ఉంటుంది, ఎందుకంటే అది చెప్పేది లోపల ఎంత ఉందో కాదు, బయటికి ఎంత పోయిందో. పిపెట్ మీద ఒకే ఒక్క గీత, ఎందుకంటే దానికి తెలిసింది ఒకే కొలత. చివర ముక్కులో మిగిలే చుక్కని ఊదకూడదు, అది మిగులుతుందని లెక్కేసే ఆ గీత పెట్టారు. ఫ్లాస్క్ మీదా గీతలుంటాయి, అవి ఉజ్జాయింపుకే, కొలతకి కాదు. కండెన్సర్‌కి రెండు పక్క గొట్టాలు ఫోటోలో ఒకేలా ఉంటాయి. నీళ్లు కింది దాంట్లోంచే ఎక్కాలి, లేకపోతే పై తొడుగు పూర్తిగా నిండదు, ఆవిరి సరిగ్గా చల్లారదు.

మనం భాష చదివేవాళ్లం కదా, నాకు ఇంకొకటి తోచింది. ఈ పేర్లలో చాలావాటిది ఆకారం చెప్పే పనే. పిపెట్ అంటే ఫ్రెంచిలో చిన్న గొట్టం, బ్యూరెట్ అంటే చిన్న కూజా. తెలుగు పుస్తకంలో శాంకవ కుప్పె, నాన్న చదివిన తమిళ పుస్తకంలో కూంబు కుడువై, రెండూ శంకువు లాంటి పాత్ర అనే అంటాయి. పక్కలు వాలుగా, మూతి సన్నగా ఉండబట్టే తిప్పి కలుపుతుంటే చింది బయటపడదు. ఆ సంగతి పేరులో లేదు, మనం అడిగి తెలుసుకోవాలి.

పేర్లు వద్దని నేననను. పేరు తెలియకపోతే ల్యాబ్‌లో "అది ఇవ్వు, ఇది ఇవ్వు" అనాల్సి వస్తుంది. కానీ ఫోటో కింద ఒక్క గీత సరిపోదు. రెండో గీత కూడా ఉండాలి: దీన్ని దేంతో కడగాలి, ఎందుకు? బట్టీ పట్టినవాళ్లు అక్కడ ఆగిపోతారు, చేసినవాళ్లు రాసేస్తారు.

మా చెల్లెలు ఇప్పుడు ఆ ఫోటోని నోటు పుస్తకంలో అంటించుకుంది. ఫ్లాస్క్ కింద ఎర్ర ఇంకుతో ఒకే మాట రాసుకుంది: "నీళ్లు మాత్రమే."